సార్‌ని లెటర్ అడిగేటప్పుడు అసలు ఏం అడుగుతున్నాం? పంటల పీహెచ్‌డీ, రికమండేషన్ లెటర్ చిక్కులు

దసరా సెలవులు అయిపోగానే నాకు జూనియర్ల ఫోన్లు మొదలవుతాయి. ఎమ్మెస్సీ అగ్రికల్చర్ ఆఖరి ఏడాదిలో ఉంటారు, అమెరికాలోనో యూరప్‌లోనో పంటల మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటారు. ఇంగ్లీష్ పరీక్ష, ఎస్‌ఓపీ అనే సొంత పరిచయ వ్యాసం, ఫీజులు, ఇవన్నీ ఎలాగో తేల్చుకుంటారు కానీ ఒక్క దగ్గర మాత్రం దాదాపు అందరూ ఆగిపోతారు. "అన్నా, లెటర్ ఎవరిని అడగాలె, ఎట్ల అడగాలె?" అమెరికా యూనివర్సిటీలు సాధారణంగా మూడు రికమండేషన్ లెటర్లు అడుగుతాయి, చాలా డిపార్ట్‌మెంట్ల గడువు డిసెంబర్ నెలలో పడుతుంది, కాబట్టి ఈ ప్రశ్న ప్రతి ఏడూ అక్టోబర్‌లోనే వస్తుంది. ఫోన్లో ఐదు నిమిషాల్లో చెప్పలేకపోతున్నాను. అందుకే ఒకరి అనుభవం తీసుకొని వివరంగా రాస్తున్నా.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేది ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది వాళ్ల సంగతి. బీఎస్సీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకునే డిపార్ట్‌మెంట్లు అమెరికాలో కొన్ని ఉన్నాయి గానీ, పంటల శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉన్నవాళ్లవైపే మొగ్గు ఎక్కువ. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోట్ల అయితే మాస్టర్స్ లేకుండా పని జరగడం కష్టం.

సిఫారసు అనే మాట దగ్గరే దారి తప్పుతున్నాం

మన నల్గొండ, పాలమూరు వైపు సిఫారసు లెటర్ అంటే చిన్నప్పటి నుంచి మనకు తెలిసిన అర్థం ఒకటే. పని కావాలంటే పెద్ద మనిషి లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు రాయించుకోవడం. హాస్టల్ సీటు కావాలన్నా, ఆస్పత్రిలో పని పడినా, ఎంత పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు రాస్తే అంత బలం. అందులో ఏం రాశారన్నది ఎవరూ పట్టించుకోరు, సంతకం ఎవరిదన్నదే లెక్క.

రికమండేషన్ లెటర్‌ను తెలుగులో సిఫారసు లేఖ అనడంతో ఆ అర్థం కూడా దానివెంటే వచ్చేసింది. అందుకే పిల్లలు మొదట డీన్ దగ్గరికి పరుగెత్తుతారు. తమతో రెండు సీజన్లు ఎండలో నిలబడిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూడో పేరుగా మిగులుతారు, కొన్నిసార్లు అసలు లిస్టులోనే ఉండరు.

అటువైపు యూనివర్సిటీలు ఈ లెటర్ నుంచి కోరేది సాక్ష్యం. ఈ విద్యార్థి పనిచేస్తుండగా దగ్గరుండి చూసిన మనిషి, తాను ఏం చూశారో చెప్పాలి. సాక్షి హోదా ఎంత పెద్దదైనా ఆ రోజు అక్కడ లేకపోతే చెప్పడానికి ఏమీ ఉండదు. "నాకు మూడేళ్లుగా తెలుసు, క్రమశిక్షణ గలది, కష్టపడే స్వభావం, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాను" అని నాలుగు వాక్యాలు వస్తాయి. అది కాండక్ట్ సర్టిఫికెట్ అవుతుంది, అంతే.

హోదాకు అసలు విలువే లేదని కూడా అనలేం. రాసినాయన ఆ పంటలో పేరున్న బ్రీడర్ అయితే, ఆయన పరిశోధన పత్రాలు అటువైపు చదివి ఉంటే, ఆయన మాటకు బరువు ఉంటుంది. కానీ ఆ బరువు శాస్త్రవేత్తగా చేసిన పని నుంచి వచ్చింది, కుర్చీ నుంచి కాదు. పరిశోధన స్థానంలో పనిచేసే సైంటిస్టు మనకు క్లాసు చెప్పకపోయినా లెటర్ రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. ట్రయల్ ఆయన కళ్ల ముందు జరిగి ఉంటే రాయొచ్చు, చాలాసార్లు ఆయన లెటరే గట్టిగా ఉంటుంది.

అటువైపు ఎవరు చదువుతారు, ఏం వెతుకుతారు

పంటల శాస్త్రంలో పీహెచ్‌డీ సీటు చాలావరకు ఉద్యోగం లాంటిది. అక్కడి ప్రొఫెసర్ దగ్గర ఒక ప్రాజెక్టు, దానికి వచ్చిన గ్రాంటు ఉంటాయి. ఆ గ్రాంటులోంచే విద్యార్థికి నెల జీతం, ఫీజు మాఫీ ఇస్తారు, దాన్ని రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అంటారు. అంటే నాలుగైదేళ్ల ఖర్చు, అంతకంటే ముఖ్యంగా నాలుగైదు సీజన్లు, ముఖం ఎరుగని ఒక మనిషి చేతిలో పెడుతున్నారు.

పంటతో వచ్చే ఇబ్బంది ఏంటంటే, తప్పు జరిగితే మళ్లీ మొదలుపెట్టడానికి వచ్చే ఏడాది దాకా ఆగాలి. పూత దశలో కొలతలు తీసుకోవడం మర్చిపోతే ఆ సంఖ్యలు ఇక రావు. కాబట్టి ఆ ప్రొఫెసర్‌కి ఉండే భయాలు కొన్నే. ఈ విద్యార్థి రోజూ పొలానికి వెళ్తుందా? లెక్క తేడా వస్తే దాచిపెడుతుందా, చెబుతుందా? ట్రయల్ దెబ్బతింటే చేతులెత్తేస్తుందా? మార్కుల మెమోలో వీటికి జవాబు దొరకదు. ఎస్‌ఓపీలో ఎవరైనా తమ గురించి బాగానే రాసుకుంటారు. మిగిలింది లెటర్ ఒక్కటే.

ఆముదం ప్లాట్‌లో ఒక మూల

ఇప్పుడు అసలు ఉదాహరణ. కల్వకుర్తి దగ్గరి ఊరి అమ్మాయి, మొక్కల ప్రజననం, అంటే బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ. థీసిస్ ఆముదంలో ఎండు తెగులు మీద. మన దక్షిణ తెలంగాణలో ఆముదం ఎంత పాత పంటో చెప్పక్కర్లేదు, పాలెం పరిశోధన స్థానం పేరు చెప్పగానే రైతులకు గుర్తొచ్చేది పీసీహెచ్-111 లాంటి ఆముదం హైబ్రిడ్లే. ఎండు తెగులు ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వస్తుంది, అది నేలలో ఉండి వేర్ల నుంచి ఎక్కుతుంది. తెగులును ఏ లైన్లు, అంటే బ్రీడింగ్‌లో వాడే వేర్వేరు రకాలు, తట్టుకుంటాయో తేల్చడానికి సిక్ ప్లాట్‌లో విత్తుతారు. సిక్ ప్లాట్ అంటే ఏళ్ల తరబడి కావాలనే తెగులును పెంచి ఉంచిన మడి.

ఆమె 40 లైన్లు పెట్టింది, ఒక్కో వరుసలో 20 మొక్కలు. మధ్యమధ్యలో జేఐ-35 వరుసలు వేసింది. జేఐ-35 తెగులుకు తేలిగ్గా లొంగిపోయే రకం, దాన్ని చెక్ అంటారు. అది చస్తేనే మడిలో తెగులు సరిగా ఉన్నట్టు. అది బతికిందంటే పక్క వరుసలు బతకడానికి అర్థం లేదు. వరుసలో 20 శాతం లోపు మొక్కలు ఎండితే ఆ లైన్‌ను తట్టుకునేదిగా లెక్కేస్తారు, అంటే 20లో 3 పోతే 15 శాతం, పాస్ అన్నమాట.

చివరి లెక్కలో రెండు లైన్లు బాగా కనిపించాయి. ఒకదాంట్లో 2 మొక్కలే పోయాయి, ఇంకోదాంట్లో 3. ఎవరైనా సంతోషపడి థీసిస్‌లో రాసేసుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం పక్కనున్న చెక్ వరుస చూసింది. మడి మిగతా చోట్ల జేఐ-35 వరుసల్లో 20కి 18, 19 మొక్కలు పోతే, ఈ రెండు లైన్లున్న మూలలో 11 మాత్రమే పోయాయి, 55 శాతం. అంటే ఆ మూలలో నేలలోనే తెగులు పలుచగా ఉంది, లైన్ల గొప్పతనం కాకపోవచ్చు. నోట్‌బుక్ పట్టుకుపోయి సార్‌కి చూపించింది. సార్ ఒప్పుకొని, ఆ రెండింటినీ కుండీల్లో మళ్లీ పరీక్షించమన్నారు. లేత మొక్కల వేర్లను శిలీంధ్రం కలిపిన నీళ్లలో ముంచి నాటే పద్ధతి అది. కుండీల్లో మొదటి లైన్ 20కి 9 పోయింది, అంటే 45 శాతం, అది తట్టుకునే రకం కాదు. రెండోది 3 దగ్గరే నిలబడింది.

రెండు మంచి లైన్లలో ఒకదాన్ని తన చేతులతో తానే పోగొట్టుకుంది. ఇది ఆమె మార్కుల్లో లేదు. తానే చెప్పుకుంటే గొప్పలా ఉంటుంది. చూసిన మనిషి చెబితే మాత్రం అటువైపు ప్రొఫెసర్‌కి ఉన్న ఒక భయానికి నేరుగా జవాబు దొరుకుతుంది.

ఆమె రాసిన మెయిల్, పంపిన మెయిల్

లెటర్ అడగడానికి ఆమె మొదట రాసి నాకు చూపించిన మెయిల్ ఇంగ్లీషులో ఉంది, అర్థం ఇది: "గౌరవనీయులైన సార్, నేను విదేశీ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను. దయచేసి నాకు ఒక మంచి రికమండేషన్ లెటర్ ఇవ్వగలరు. మీకు ఎప్పటికీ రుణపడి ఉంటాను."

మర్యాద ఉంది, తప్పేం లేదు. కానీ ఇది చదివిన సార్‌కి ఏం తెలిసింది? ఎన్ని యూనివర్సిటీలు, ఎప్పటిలోగా, ఏ అంశం మీద, ఏదీ లేదు. దానికి తోడు సార్ చేతి కింద ఐదారుగురు పీజీ విద్యార్థులు, యూజీ క్లాసులు, ట్రయళ్లు. నవంబర్ అంటే ఒకవైపు ఆముదం గెలలు కోతకు వస్తుంటాయి, ఇంకోవైపు యాసంగి వేరుశనగ పనులు. ఎప్పుడో నెలల కిందట ఒక మధ్యాహ్నం ఏ మూలలో చెక్ వరుస ఎలా ఉందో ఆయనకు గుర్తుండాలని అనుకోవడం అన్యాయం. గుర్తులేని మనిషి రాసేది కాండక్ట్ సర్టిఫికెట్టే.

తర్వాత పంపిన మెయిల్ అర్థం ఇలా ఉంది:

"సార్ నమస్కారం. మొక్కల తెగుళ్లను తట్టుకునే రకాల మీద పీహెచ్‌డీకి ఆరు డిపార్ట్‌మెంట్లకు అప్లై చేస్తున్నాను. మొదటి గడువు డిసెంబర్ 1, ఆఖరిది జనవరి 5. సిక్ ప్లాట్ పని మీరు మొదటి నుంచి చూశారు కాబట్టి, ఆ పని గురించి వివరంగా రాయగలరనిపిస్తే మీ లెటర్ కావాలని అడుగుతున్నాను. ఇప్పుడు వీలు కాకపోతే చెప్పండి సార్, ఏమీ అనుకోను, ఇంకొకరిని అడుగుతాను. గడువుల పట్టిక, ఎస్‌ఓపీ, మార్కుల మెమో, మీ దగ్గర చేసిన పని గురించి ఒక పేజీ జత చేశాను. ఆ మూలలో చెక్ తక్కువ పోయిన సంగతి, కుండీల ఫలితాలు అందులో తేదీలతో ఉన్నాయి. ఎల్లుండి డిపార్ట్‌మెంట్‌కి వచ్చి కలుస్తాను."

రెండింటికీ తేడా పొడవులో లేదు. ఎవరు ఏం చూశారో ఆ పని పేరు పెట్టి అడిగింది, తేదీలు ఇచ్చింది, సార్‌కి కాదనడానికి దారి వదిలింది. ఈ మూడోది మనవాళ్లకు వింతగా అనిపిస్తుంది, ఎందుకంటే మన దగ్గర సార్ నోటితో కాదు అనరు. "చూద్దాం లేమ్మా" అంటారు. రెండు వారాలైనా ఏ యూనివర్సిటీలు అని అడగలేదంటే, గడువు ఎప్పుడని అడగలేదంటే, ఆ చూద్దాం కాదు అన్నట్టే. అప్పుడు వచ్చే లెటర్ రాకపోయినా బాగుండు అనిపించేలా ఉంటుంది, లేదంటే గడువు దాటాక వస్తుంది. మెయిల్‌లోనే మర్యాదగా దారి వదిలితే ఆ సంగతి అక్టోబర్‌లోనే తేలిపోతుంది, ఇంకొకరిని అడిగే టైం మిగులుతుంది.

"డ్రాఫ్ట్ రాసుకొని రా బిడ్డా, సంతకం పెడ్తా"

అందరూ గుట్టుగా మాట్లాడుకునే విషయం ఇది. నా ఎమ్మెస్సీ రోజుల్లో నేను అడిగిన ఒక పెద్దాయన ఇదే మాట అన్నారు. నేను రాత్రంతా కూర్చొని నన్ను నేనే పొగుడుకుంటూ రాసుకున్నా. అదే నెలలో నా రూమ్మేట్ తన లెటర్ రాసుకోవడానికి నా డ్రాఫ్టే తీసుకున్నాడు. రెండూ ఒకే సంతకంతో వెళ్లాయి. ఇది సరైనదా కాదా అన్న దాని మీద మనవాళ్లలో రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ విషయం ఉంది.

డ్రాఫ్ట్ తప్పు కాదనేవాళ్లు చెప్పేది: సార్లకు టైం ఉండదు, అందరూ ఇంగ్లీషులో లెటర్లు రాయడం అలవాటైనవాళ్లు కారు, విద్యార్థి రాసిందాన్ని ఆయన చదివి, దిద్ది, తనకు నమ్మకం ఉన్నదే ఉంచి సంతకం పెడితే అది ఆయన మాటే అవుతుంది. ఆఫీసుల్లో కింది వాళ్లు రాసిన ఉత్తరాల మీద పెద్దవాళ్లు సంతకం పెట్టడం మనకు కొత్త కాదు.

తప్పు అనేవాళ్లు చెప్పేది: లెటర్ రాసినవాళ్లదే అయి ఉండాలన్నది యూనివర్సిటీల షరతు. ఎస్‌ఓపీ, మూడు లెటర్లు పక్కపక్కన పెట్టి చదివే మనిషికి నాలుగింటిలోనూ ఒకే చెయ్యి కనిపిస్తుంది, అవే విశేషణాలు, అవే పొడుగు వాక్యాలు, చివరికి అవే వ్యాకరణ తప్పులు. ఒకసారి అనుమానం వస్తే మంచి లెటర్ కూడా పనికిరాకుండా పోతుంది, తర్వాత బయటపడితే అడ్మిషన్ కూడా పోవచ్చు. పైగా విద్యార్థి రాసుకున్న డ్రాఫ్ట్ ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది. తనను ఇంకెవరితో పోల్చాలో తనకు తెలియదు, గట్టిగా పొగుడుకోవడానికి సిగ్గు అడ్డొస్తుంది, దాంతో మళ్లీ "కష్టపడే స్వభావం" దగ్గరికే చేరుతుంది.

గీత ఎక్కడుందో ఆలోచిస్తే నాకు కనిపించేది ఇది. ఏం జరిగిందో రాసివ్వడంలో తప్పు లేదు. జరిగినదాన్ని బట్టి ఈ మనిషి ఎలాంటిదో చెప్పడం మాత్రం సార్ ఒక్కరి పని. "చెక్ వరుసలో 20కి 11 పోయాయి, నేను ఫలానా తేదీన మీకు చూపించాను" అన్నది నోట్‌బుక్‌లో ఉన్న సంగతి. "నేను చాలా నిజాయితీపరురాలిని" అన్నది ఆమె రాసుకోవలసిన వాక్యం కాదు. ఈ అమ్మాయి సార్ కూడా మొదట డ్రాఫ్టే అడిగారు. ఆమె తాను జత చేసిన పేజీ చూపించి, "పాయింట్లు ఇవి సార్, వీటిల్లో మీకు గుర్తున్నవే రాయండి" అంది. ఆయన అరగంట కూర్చొని రాశారట. ఇంగ్లీష్ గొప్పగా లేదు, ఉండక్కర్లేదు కూడా. లోపల విషయం ఉంది.

ఇంకో మెట్టు దిగిన అలవాటు ఉంది. సార్ తన మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చేసి "నువ్వే ఎక్కించుకో" అంటారు. అది డ్రాఫ్ట్ లాంటిది కాదు, ఇంకొకరి పేరుతో మాట్లాడటం. దీనికి రెండో వాదన లేదు.

శాతాల గడులు: 14 మందిలో మొదటి 1 శాతం ఎవరు?

లెటర్ ఎక్కించే పోర్టల్‌లో చాలా యూనివర్సిటీలు ఒక పట్టిక కూడా పెడతాయి. తెలివితేటలు, రాసే శక్తి, సొంతంగా పనిచేయడం, ఒక్కోదానికి ఈ విద్యార్థి మొదటి 1 శాతంలోనా, 5 శాతంలోనా, 10లోనా, 25లోనా అని టిక్ పెట్టాలి. చూడలేదు, చెప్పలేను అనే గడి కూడా సాధారణంగా ఉంటుంది. మన సార్లు ప్రేమతో అన్నింటికీ మొదటి గడి కొట్టేస్తారు.

లెక్క చూడండి. సార్ 12 ఏళ్లలో 14 మంది ఎమ్మెస్సీ విద్యార్థులకు గైడ్‌గా ఉన్నారనుకుందాం. ఆ 14 మందిలో అందరికంటే మేలు అన్నా అది మొదటి 7 శాతమే, 1 శాతం అనేదే లేదు. అదే ఆయన క్లాసు చెప్పిన యూజీ పిల్లలందరితో పోల్చితే, ఏడాదికి 60 మంది చొప్పున 720 మంది అవుతారు, వాళ్లలో 1 శాతం అంటే ఏడుగురు. రెండూ నిజమే, కానీ ఎవరితో పోలుస్తున్నారో లెటర్‌లో చెబితేనే టిక్‌కి అర్థం ఉంటుంది. "నేను గైడ్ చేసిన 14 మందిలో లెక్కలు రాసే విషయంలో మొదటి ఇద్దరిలో ఉంటుంది, శాస్త్రీయ ఇంగ్లీష్ రాయడంలో మధ్యస్తం" అన్న వాక్యాన్ని చదివేవాళ్లు నమ్ముతారు. ఒక గడి కిందికి వచ్చినందువల్ల మిగతా గడులకు విలువ పెరుగుతుంది. ఆ మధ్యస్తం టిక్ తగిలితే సీటు పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లు ఉంటారు, వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే, చదివే మనుషులందరూ ఒకేలా ఆలోచించరు కదా.

చూసే హక్కు వదులుకుంటారా అని ఎందుకు అడుగుతారు

అప్లికేషన్‌లో సార్ పేరు, మెయిల్ రాసే చోట ఒక ప్రశ్న వస్తుంది. ఈ లెటర్‌ను తర్వాత చూసే హక్కును వదులుకుంటున్నారా, అవునా కాదా? అమెరికాలో 1974 నాటి ఒక చట్టం, ఫెర్పా అంటారు, చేరిన విద్యార్థికి తన ఫైల్‌లోని రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కును లెటర్ల వరకు ముందే వదులుకోవచ్చు. వదులుకుంటే సార్ మొహమాటం లేకుండా రాశారని చదివేవాళ్లు అనుకుంటారు, అందుకే ఎక్కువమంది వదులుకుంటారు. ఉంచుకోవడమూ తప్పు కాదు, హక్కు మీది. కాకపోతే కాపీ ముందే విద్యార్థి చేతికి వచ్చి, దాన్ని వాట్సాప్‌లో స్నేహితులకు పంపుకొని, ఫారంలో మాత్రం వదులుకున్నాను అని టిక్ పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. ఆ టిక్‌కి అప్పుడు ఏం అర్థం మిగిలిందో ఆలోచించాలి.

లింకులు, జీమెయిల్, ఆఖరి వారం

ఇది చిన్న విషయమే గానీ అప్లికేషన్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. విద్యార్థి ఫారంలో పేరు ఎక్కించగానే ఒక్కో యూనివర్సిటీ నుంచి సార్‌కి ఒక్కో లింకు వెళ్తుంది. ఆరు చోట్లంటే ఆరు మెయిళ్లు, ముగ్గురు సార్లంటే మొత్తం పద్దెనిమిది. వాటిలో కొన్ని స్పామ్‌లో పడతాయి. మన దగ్గర చాలామంది సార్లు వాడేది జీమెయిలే, యూనివర్సిటీ మెయిల్ ఇచ్చి ఉంటారు గానీ తెరవరు. అటువైపు చూస్తే జీమెయిల్ ఎవరైనా తయారు చేసుకోవచ్చు కాబట్టి, సంస్థ మెయిల్ అయితేనే మనిషి నిజంగా ఆ మనిషేనని నమ్మకం. కొన్ని ఫారాలు సంస్థ మెయిల్ ఉంటే అదే ఇవ్వమని అడుగుతాయి. సార్ తెరవని సంస్థ మెయిల్ ఇస్తే లింకు అక్కడే ఎండిపోతుంది.

ఈ అమ్మాయి అక్టోబర్ మూడో వారంలో అడిగింది. ఫారంలో పేర్లు ఎక్కించిన రోజే సార్ రూంకి వెళ్లింది. సంస్థ మెయిల్ పాస్‌వర్డ్ ఆయనకే గుర్తులేకపోతే, కంప్యూటర్ సెక్షన్ వాళ్లతో మాట్లాడి ఆయనతోనే మార్పించింది. ఆరింటిలో రెండు స్పామ్‌లో దొరికాయి. ఐదు లెటర్లు నవంబర్ 24కల్లా ఎక్కాయి. ఆరోది సార్ కోత పనుల్లో పడి ఆగిపోతే, గడువుకు పది రోజుల ముందు ఒకసారి, నాలుగు రోజుల ముందు ఒకసారి రెండే లైన్ల మెయిల్ పెట్టింది, అదీ ఎక్కింది.

జనవరి ఆఖర్లో ఒక ప్రొఫెసర్ ఆమెతో వీడియో కాల్‌లో మాట్లాడారు. మార్కుల గురించి ఏమీ అడగలేదట. సార్ లెటర్ ఎదురుగా పెట్టుకొని, ఆ మూలలో చెక్ వరుస తక్కువ పోయిందని నీకు మొదట ఎలా అనిపించింది, ఆ మడి పటం గీసి చూపించగలవా అని అడిగారు. ఆమె కాగితం తీసుకొని గీసింది.